కీమో మంటా, షుగర్ మంటా? చేతులు కాళ్లు తిమ్మిరెక్కినప్పుడు తేల్చుకునే తీరు

గుంటూరులో చేతులు మండుతున్నాయంటే ఎవరూ ఉలిక్కిపడరు. మిర్చి సీజన్‌లో కాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు అది రోజూ ఉండే బాధే. వేసవిలో బెజవాడలో అరికాళ్లు మండుతున్నాయన్నా అంతే, వేడి చేసిందని మజ్జిగ తాగమంటారు. షుగర్ ఉన్న మనిషైతే ఇక కారణం వెతకరు. ఇన్ని సమాధానాలు ముందే సిద్ధంగా ఉన్నచోట, కీమోథెరపీ తీసుకుంటున్న మనిషి చేతులు కాళ్లు మండుతున్నాయని చెబితే అది మందు నరాలను దెబ్బతీయడం వల్లనేమో అన్న అనుమానం అన్నిటికంటే చివర వస్తుంది. ఈలోపు ఇంకో రెండు మూడు డోసులు ఎక్కిపోతాయి.

కీమో మందులన్నీ నరాల జోలికి పోవు. రొమ్ము క్యాన్సర్‌లో మొదట ఇచ్చే ఎర్ర రంగు మందు డాక్సోరూబిసిన్‌కు గుండె విషయంలో జాగ్రత్త కావాలి గానీ, చేతులు కాళ్ల నరాలను అది పెద్దగా తాకదు. ఆ దశ అయ్యాక మొదలుపెట్టే పాక్లిటాక్సెల్ తాకుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్, తల, మెడ క్యాన్సర్లలో ఎక్కువగా వాడే సిస్‌ప్లాటిన్, రక్త క్యాన్సర్లలో విన్‌క్రిస్టిన్, ఎముక మజ్జలో పుట్టే మైలోమా క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్, థాలిడోమైడ్ కూడా ఈ జాబితాలోవే. ఒక్కో మందుది ఒక్కో నడక. అన్నింటినీ కలిపి చెబితే ఏదీ అర్థం కాదు కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌నే పట్టుకుంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇది చాలా ఎక్కువగా వాడే పద్ధతి. షుగర్ ఉన్నవాళ్లలో దీని లక్షణాలను పొరబడే అవకాశం కూడా ఎక్కువే.

కాలి వేళ్ల నుంచే ఎందుకు

కాలి బొటనవేలి స్పర్శను మోసుకొచ్చే నరకణం అసలు దేహం కాలిలో ఉండదు. నడుము దగ్గర, వెన్ను పక్కనున్న చిన్న ముడిలో ఉంటుంది. అక్కడి నుంచి వేలి కొస దాకా దాని తీగ ఒక్కటే, సుమారు మీటరు పొడవు. ఆ తీగ బతకడానికి కావలసిన సరుకంతా కణదేహంలోనే తయారై చివరిదాకా చేరాలి. ఆ రవాణా మైక్రోట్యూబ్యూల్స్ అనే అతి సన్నని గొట్టాల వెంట జరుగుతుంది. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణాన్ని చంపేది సరిగ్గా ఈ గొట్టాలనే బిగించేసి. కణం రెండుగా చీలాలంటే గొట్టాలు విడిపోయి మళ్లీ కట్టుకోవాలి. మందు వాటిని కదలనివ్వదు, కణం అక్కడే ఆగిపోతుంది. నరకణానికి చీలే పని లేకపోయినా గొట్టాలతో పని ఉంది. పైగా మెదడుకు రక్తం నుంచి ఉన్నంత గట్టి అడ్డుగోడ వెన్ను పక్కనున్న ఆ ముడులకు లేదు. మందు అక్కడికి సులువుగా చేరుతుంది.

కృష్ణా డెల్టాలో కాలువకు నీళ్లు తగ్గిన ఏడాది మొదట ఎండేది చివరి ఆయకట్టే. నరాల్లోనూ అదే వరస. అన్నిటికంటే పొడవైన తీగల చివరలు ముందు దెబ్బతింటాయి. కాబట్టి రెండు కాళ్ల వేళ్ల కొసల్లో, ఇంచుమించు ఒకేసారి, ఒకే తీరుగా మొదలవుతుంది. అక్కడి నుంచి పాదానికి, మడమకు, చీలమండకు పాకుతుంది. దాదాపు అదే కాలంలోనో కాస్త తర్వాతో చేతివేళ్ల కొసల్లో కనబడుతుంది. మేజోళ్లు, చేతి తొడుగులు వేసుకుంటే ఎంతమేర కప్పుతాయో అంతమేర అన్నమాట. గుర్తుపట్టడంలో సగం పని ఈ పటం చేస్తుంది. మిగతా సగం క్యాలెండర్ చేస్తుంది.

ఒక ఉదాహరణ, వారం వారం

తెనాలి వైపు పల్లెలో ఉండే 54 ఏళ్ల మహిళ అనుకుందాం. ఎవరో ఒకరి కథ కాదు, వైద్యులకు తరచూ ఎదురయ్యే వివరాలను కలిపి అల్లిన ఉదాహరణ. ఎనిమిదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. సీజన్‌లో మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లేది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, డాక్సోరూబిసిన్‌తో నాలుగు విడతలు పూర్తయ్యాయి. ఇప్పుడు వారానికొకటి చొప్పున 12 పాక్లిటాక్సెల్ డోసులు.

ఈ మందు లెక్క శరీర ఉపరితల వైశాల్యం మీద ఉంటుంది. చదరపు మీటరుకు 80 మిల్లీగ్రాములు. ఆమె ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. వైశాల్యం సుమారు 1.63 చదరపు మీటర్లు, కాబట్టి ప్రతి వారం 130 మిల్లీగ్రాములు, గంట సేపు సెలైన్‌లో. ఎలర్జీ రాకుండా ముందుగా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. ఈ స్టెరాయిడ్‌తో కాసేపట్లో పని ఉంది.

రెండో డోసు తర్వాత మూడో రోజున తొడలు, పిక్కలు, నడుము విపరీతంగా లాగాయి. ఐదో రోజుకు తగ్గిపోయాయి. పాక్లిటాక్సెల్‌కు ఇది మామూలే. డోసు పడిన ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై వారంలోపు పోయే ఒళ్లునొప్పులు. కండరాలు, కీళ్ల నొప్పిగా అనిపించినా నరాలు రేగడం వల్లే ఇది వస్తుందని ఇప్పుడు చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఈ నొప్పులు తీవ్రంగా వచ్చినవాళ్లకు తర్వాత తిమ్మిర్లు కూడా ఎక్కువగా ఉండటం గమనించారు. అందుకే ‘కీమో అన్నాక నొప్పులు ఉండవా’ అని దాటేయకుండా కేస్ షీట్‌లో ఒక ముక్క రాయించుకోవాలి.

నాలుగో డోసు తర్వాత రెండు కాళ్ల వేళ్లలో చీమలు పాకినట్టు. రెండు రోజులుండి పోయింది. ఐదో డోసుకు చేతివేళ్ల కొసల్లో కూడా. ఆరో డోసు తర్వాత మాత్రం ఏడో రోజుకు కూడా పోలేదు. రాత్రిళ్లు అరికాళ్ల మంట, దుప్పటి తగిలినా చిరాకు. ఈ మార్పు చాలా ముఖ్యం. తిమ్మిరి వచ్చిందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే దీన్ని పట్టుకోలేం. తర్వాతి డోసు వచ్చేలోపు అది పూర్తిగా పోతోందా, మిగిలిపోతోందా అని అడగాలి. మిగిలిపోవడం మొదలైందంటే నరం కోలుకునే వేగాన్ని మందు దాటేసిందని అర్థం.

ఆ వారం ఇంట్లో ఏం జరిగిందంటే, కీమో మర్నాడు వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 280 ఉంది. ఇంకేముంది, మంట షుగర్‌దే అని తేల్చేశారు. అన్నం తగ్గించారు, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత బీకాంప్లెక్స్ ఇంజక్షన్లు చేయించారు. ఆ 280 చాలావరకు స్టెరాయిడ్ పుణ్యమే. డెక్సామెథాసోన్ పడ్డాక ఒకటి రెండు రోజులు షుగర్ ఎగబాకడం సహజం. షుగర్ వల్ల కూడా నరాలు పాడవుతాయి, పాదాలు మండుతాయి. అయితే అది ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే పని. నాలుగో డోసుకు వేళ్లలో మొదలై ఆరో డోసుకు పాదమంతా పాకడం షుగర్ నడక కాదు. డోసు పడ్డాక రెండు మూడు రోజులు హెచ్చి, మళ్లీ కాస్త తగ్గి, ప్రతిసారీ ముందటి మెట్టు కంటే పైన ఆగడం అన్నది కీమో క్యాలెండర్‌తో ముడిపడిన తీరు.

మిర్చి అనుమానం ఇంకా తేలిగ్గా తేలుతుంది. మిరపకాయ మంట చేతులకే వస్తుంది, ముట్టుకున్న కొన్ని గంటల్లో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కాలివేళ్లకు రాదు, స్పర్శ పోగొట్టదు. కాయలోని క్యాప్సైసిన్ కూడా నొప్పిని మోసే సన్న నరాల చివరలనే రెచ్చగొడుతుంది కాబట్టి మంట తీరు మాత్రం ఒకేలా అనిపిస్తుంది. కొన్ని దేశాల్లో 8 శాతం క్యాప్సైసిన్ పట్టీలను నరాల నొప్పికి ఆస్పత్రిలో అంటిస్తారు కూడా. అలాగని మొద్దుబారిన పాదానికి ఇంట్లో కారం పట్టించే ప్రయోగాలు చేయకూడదు, కాలినా తెలియదు.

ఏడో డోసు తర్వాత ఆమె చెప్పిన మాట అసలు సంగతి బయటపెట్టింది. వాకిట్లోంచి బజారు దాకా నడిచి వెళ్తే ఒక కాలి చెప్పు దారిలోనే ఊడిపోయింది, ఆమెకు తెలియలేదు. రవిక హుక్కులు కూతురు పెట్టాల్సి వస్తోంది. బియ్యంలో రాయి చేతికి తగలడం లేదు.

డాక్టరు బల్ల మీద ఏం చూస్తారు

దీన్ని తేల్చే స్కానింగ్ ఏదీ లేదు. ఉన్నవన్నీ చిన్న పనిముట్లే. మోకాలి కింద, చీలమండ వెనక ఉన్న స్నాయువు మీద సుత్తితో తట్టి పాదం ఎగురుతుందో లేదో చూస్తారు. పాక్లిటాక్సెల్ దెబ్బకు చీలమండ ప్రతిచర్య ముందే పోతుంది, మోకాలిది చాలాసార్లు నిలుస్తుంది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ప్రకంపన ఎప్పుడు ఆగిందో రోగి చెప్పాలి. డాక్టరు చేతికి ఇంకా తెలుస్తుండగానే రోగికి ఆగిపోయినట్టు అనిపిస్తే మందపాటి నరాలు దెబ్బతిన్నాయని లెక్క. వంగడానికి 10 గ్రాముల ఒత్తిడి పట్టే నైలాన్ దారంతో వేళ్ల కింద తాకిస్తారు. సూది మొనకూ మొద్దు చివరకూ తేడా తెలుస్తోందా అని చూస్తారు, ఇది సన్న నరాల సంగతి. కళ్లు మూసుకుని పాదాలు కలిపి నిలబడమంటారు. కళ్లు తెరిచినప్పుడు నిలబడగలిగిన మనిషి మూసుకోగానే తూలితే, పాదం ఎక్కడుందో మెదడుకు కబురు అందడం లేదని అర్థం. రాత్రి కరెంటు పోయినప్పుడు బాత్రూంకి వెళ్తూ పడిపోయేది ఇలాంటివాళ్లే.

బలం ఎలా ఉందన్నది ఇక్కడ పెద్ద గుర్తు. పాక్లిటాక్సెల్ ఎక్కువగా స్పర్శ నరాలనే తింటుంది, కండరాల బలం చాలామందిలో నిలుస్తుంది. హుక్కు పెట్టలేకపోవడం వేలికి బలం లేక కాదు, హుక్కు తగలకపోవడం వల్ల. బలం కూడా గట్టిగా తగ్గిందంటే వేరే కారణం వెతకాలి.

నరాల పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్ స్టడీ, చేయించమని కొందరు పట్టుబడతారు. కాలి పిక్క కింద ఉండే సూరల్ నరంలో స్పందన ఎత్తు తగ్గడం, వేగం మాత్రం దాదాపు నిలవడం ఈ జబ్బు గుర్తు. తీగ చస్తోంది, తీగ మీది పొర కాదు అని దానర్థం. అయితే ఈ యంత్రం మందపాటి నరాలనే చూస్తుంది. మంట పుట్టేది సన్న నరాల్లో. రిపోర్టు మామూలుగా ఉన్నా అరికాళ్లు మండుతూనే ఉండవచ్చు. కథ, పటం, క్యాలెండర్ మూడూ కుదిరినప్పుడు ఈ పరీక్ష లేకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. కుదరనప్పుడే దానికి విలువ.

మన ఉదాహరణలో చీలమండ ప్రతిచర్యలు రెండూ లేవు, బొటనవేళ్లలో ప్రకంపన తెలియడం లేదు, బలం బాగుంది. షుగర్ మూడు నెలల సగటు 7.4. విటమిన్ బీ12 తక్కువగా, 180 పికోగ్రాములు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గడం తెలిసిన విషయమే. మరి దోషం ఎవరిది? ఈ చిక్కును విడదీసింది మొదటి డోసుకు ముందు కేస్ షీట్‌లో రాసిన ఒక్క వాక్యం: ‘చీలమండ ప్రతిచర్యలు ఉన్నాయి, ప్రకంపన తెలుస్తోంది, పాదాల్లో తిమ్మిరి లేదు.’ షుగర్, బీ12 రెండూ ఏడు వారాల కిందటా ఉన్నాయి. అప్పుడు నరాలు పనిచేశాయి. మధ్యలో కొత్తగా వచ్చింది పాక్లిటాక్సెల్. షుగర్ నేల సిద్ధం చేసి ఉండవచ్చు, బీ12 భర్తీ చేయాల్సిందే. అయినా ఇప్పుడు ఆపాల్సింది మందు వేగాన్ని. రద్దీగా ఉండే ఓపీలో ఆ మొదటి పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది, ఎక్కువసార్లు ఎగిరిపోయేదీ అదే. షుగర్ ఉన్న రోగి బంధువులు దాన్ని అడిగి చేయించుకోవడం తప్పేమీ కాదు.

పోలినట్టుండి కానివి

క్యాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్లకు అరచేతులు, అరికాళ్లు మండుతాయి. అది వేరే జబ్బు. అందులో చర్మం ఎర్రబడుతుంది, వాస్తుంది, పొరలుగా ఊడుతుంది. పాక్లిటాక్సెల్ తిమ్మిరిలో చర్మం చూడటానికి మామూలుగానే ఉంటుంది. క్యాపెసిటబిన్‌తో వేలిముద్రలు చెరిగి ఆధార్ యంత్రం దగ్గర తిప్పలు పడేవాళ్లుంటారు. పింఛను, రేషను దగ్గర అది చిన్న కష్టం కాదు.

ఆక్సాలిప్లాటిన్ చల్లదనంతో రేగుతుంది. సెలైన్ ఎక్కిన గంటల్లోనే ఫ్రిజ్ సీసా ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు, చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు అవుతుంది. కొన్ని రోజుల్లో పోతుంది. డోసులు పేరుకునే కొద్దీ వచ్చే మొద్దుబారుడు దీనికి వేరు. మందు ఆపాక కూడా అది రెండు మూడు నెలల పాటు పెరుగుతూ పోవచ్చు. చికిత్స అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ఎక్కువవుతోందని కంగారుపడి పదిమంది డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లకు ఈ ఒక్క విషయం ముందే చెబితే సరిపోతుంది.

ఒక చేతికే, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలికే తిమ్మిరి వచ్చి రాత్రి నిద్రలేపితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూడాలి. ఆపరేషన్ చేసిన వైపు చంకలో, పైచేయి లోపలి భాగంలో మొద్దుబారితే అది చాలావరకు కోతలో తెగిన చర్మ నరం. ఇవేవీ ప్రమాదం కాదు. ఒక్కటి మాత్రం ఆలస్యం ఒప్పుకోదు. కొత్తగా నడుము లేక వీపు నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం రాకుండా ఆగిపోవడం, ఛాతీ చుట్టూనో పొట్ట చుట్టూనో గీత గీసినట్టు అక్కడి నుంచి కిందికి స్పర్శ పోవడం. ఇలా ఉంటే క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కుతోందేమోనని ఆ రోజే ఎమ్మారై చేయాలి. కీమో తిమ్మిరి అనుకుని తర్వాతి ఓపీ తేదీ దాకా ఆగితే నడక తిరిగి రాకపోవచ్చు.

చెప్పకుండా దాచుకోవడం

రోగులు దీన్ని ఎందుకు చెప్పరన్నది ఊహించడం కష్టం కాదు. చెబితే డోసు ఆపేస్తారు, ఆపితే జబ్బు తిరగబెడుతుందని భయం. ఇంకొందరికి ఇది జబ్బులో భాగమేనన్న రాజీ. డాక్టరు ‘ఎలా ఉన్నారమ్మా’ అంటే ‘పర్లేదండీ’ అంటారు. ప్రశ్నే మారాలి. చెప్పు జారితే తెలుస్తోందా, పూలు కట్టగలుగుతున్నారా, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా అని అడిగితే జవాబు వస్తుంది.

ఆ జవాబు మీదే గ్రేడు ఆధారపడుతుంది. క్యాన్సర్ వైద్యులు వాడే అంతర్జాతీయ కొలతలో రోజువారీ పనికి అడ్డం రాని స్థితి గ్రేడు 1. వంట, బజారు, ఫోను వంటి పనులు కుంటుపడితే 2. స్నానం, బట్టలు కట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం కూడా సొంతంగా చేసుకోలేకపోతే 3. మన ఉదాహరణలో ఆమె 2లో ఉండి 3 వైపు జరుగుతోంది, హుక్కులకు కూతురి సాయం కావాల్సి వచ్చింది కదా. గ్రేడు 1లో సాధారణంగా కొనసాగిస్తారు. 2లో ఒక వారం ఆపి డోసు తగ్గించడం చాలామంది పాటించే పద్ధతి. 80 నుంచి 65కు దింపితే ఆమెకు 130 మిల్లీగ్రాములు 106 అవుతుంది. 3లో ఆపి, వేరే మందుకు మార్చడమో అక్కడితో ముగించడమో ఆలోచిస్తారు. ఏడు డోసులు పడ్డ మనిషికి 12 పూర్తి చేయడం వల్ల వచ్చే లాభం ఎంత, శాశ్వతంగా మొద్దుబారే నష్టం ఎంత అన్నది గడ్డ రకం, దశ చూసి డాక్టరు, రోగి కలిసి తూచుకోవాల్సిన లెక్క. దాచుకుంటే ఆ తూకమే జరగదు. సొంతంగా డోసు ఎగ్గొట్టడం కూడా దాచుకోవడం లాంటిదే.

మందుల షాపులో దొరికేవి

తిమ్మిర్లనగానే మన దగ్గర మిథైల్‌కోబాలమిన్, బీ6 కలిపిన మాత్రలు చీటీ లేకుండానే చేతిలో పెడతారు. బీ12 తక్కువగా ఉన్నవాళ్లకు బీ12 కావాలి, అందులో వాదన లేదు. మామూలుగా ఉన్నవాళ్లలో కీమో తిమ్మిరిని అది ఆపుతుందని రుజువు లేదు. బీ6 అయితే ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే అదే స్పర్శ నరాలను పాడుచేస్తుంది, లక్షణాలు అచ్చం ఇవే. రెండు మూడు బ్రాండ్ల మాత్రలు కలిపి మింగేవాళ్లు చీటీలన్నీ ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిది. ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. నరాల టానిక్ అన్న పేరున్న ఈ మందును పాక్లిటాక్సెల్ వంటి మందులు తీసుకునే రొమ్ము క్యాన్సర్ రోగుల మీద పరీక్షిస్తే తిమ్మిరి తగ్గకపోగా పెరిగింది. అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2020లో సవరించిన మార్గదర్శకాల్లో నివారణ కోసం దీన్ని వాడొద్దని స్పష్టంగా ఉంది.

అదే మార్గదర్శకాలు నొప్పికి సిఫారసు చేసిన మందు ఒక్కటే, డులోక్సెటిన్. 2013లో వెలువడిన ప్రయోగంలో మొదటి వారం 30 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు వారాలు 60 ఇచ్చారు. నొప్పి ఎంతో కొంత తగ్గినవాళ్లు డులోక్సెటిన్ వైపు 59 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 38 శాతం. అద్భుతం కాదు, ఏమీ లేకపోవడం కంటే మెరుగు. ఇది మంటకు, నొప్పికి పనికొస్తుంది గానీ మొద్దుబారిన వేలికి స్పర్శ తెస్తుందని ఆశపడకూడదు. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ఇంకో మెలిక ఉంది. కీమో అయ్యాక చాలామందికి టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర మొదలుపెడతారు. అది శరీరంలో అసలు పనిచేసే రూపంలోకి మారడానికి కాలేయంలోని ఒక ఎంజైమ్ కావాలి. డులోక్సెటిన్ ఆ ఎంజైమ్‌ను కొంత అణుస్తుంది. అందుకని టామాక్సిఫెన్ చీటీ చూపించకుండా వేరే డాక్టరు దగ్గర నరాల మందు రాయించుకోవడం మంచిది కాదు. మొదలుపెట్టిన డులోక్సెటిన్‌ను ఒక్కసారిగా మానేయకూడదు కూడా. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మన దగ్గర ఎక్కువే రాస్తారు. కీమో తిమ్మిరిలో వాటి ఆధారం బలహీనం, మత్తుతో తూలి పడే ప్రమాదం మాత్రం నిజం.

సెలైన్ ఎక్కుతున్నంతసేపు చేతులకు, కాళ్లకు మంచులా గడ్డకట్టించిన తొడుగులు వేయడం మరో దారి. రక్తనాళాలు ముడుచుకుని ఆ చివరలకు మందు తక్కువగా చేరుతుందన్నది ఆలోచన. 2018లో వెలువడిన జపాన్ అధ్యయనంలో వారం వారం పాక్లిటాక్సెల్ తీసుకున్నవాళ్లకు మందుకు 15 నిమిషాల ముందు నుంచి అయిపోయాక 15 నిమిషాల దాకా, మొత్తం 90 నిమిషాలు ఒకవైపు చేతికి, కాలికి వేశారు. ఆ వైపు తిమ్మిరి తక్కువగా ఉంది. అధ్యయనం చిన్నది, అందరికీ వేయమని గట్టిగా చెప్పే స్థాయికి ఇంకా రాలేదు. అడిగి చూడదగ్గ విషయమే. అప్పటికే స్పర్శ పోయినవాళ్లకు మంచు వల్ల చర్మం దెబ్బతినవచ్చు. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్ల జోలికైతే ఇది అసలు రాకూడదు.

స్పర్శ లేని పాదానికి మన ఊళ్లలో ప్రమాదం వేసవే తెస్తుంది. ఇంద్రకీలాద్రి మెట్ల మీద మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా ఎక్కితే అందరూ గంతులేస్తారు, ఈమె వేయదు. సాయంత్రం బొబ్బలు చూసుకున్నప్పుడే తెలుస్తుంది. గుడికి ఉదయం పూట వెళ్లడం, వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడటం, వేడినీళ్లను పాదంతో కాకుండా మోచేతితో చూడటం, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవడం వంటివి షుగర్ రోగులకు చెప్పేవే. కీమో రోగికి అవి చెప్పాలని చాలాచోట్ల గుర్తుండదు.

కోలుకునే లెక్క నెలల్లో ఉంటుంది. రకరకాల కీమో మందుల మీద జరిగిన 31 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో చికిత్స అయిన మొదటి నెలలో 68 శాతం మందికి, మూడు నెలలకు 60 శాతానికి, ఆరు నెలలు దాటాక 30 శాతానికి ఈ నరాల ఇబ్బంది ఉంది. అంటే ఎక్కువమందిలో తగ్గుతుంది, కొందరిలో ఏళ్లు నిలుస్తుంది. తగ్గడం కూడా వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది, చీలమండ నుంచి పాదానికి, పాదం నుంచి వేళ్లకు, వేళ్ల కొసలు చిట్టచివర. మంట ముందు తగ్గి మొద్దు తర్వాత దాకా ఉండిపోవచ్చు. పాక్లిటాక్సెల్ ఆపిన కొద్ది వారాలు కాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. అయితే చివరి డోసు పడి ఏడాది గడిచి, అంతా సర్దుకున్నాక మళ్లీ కొత్తగా తిమ్మిరి మొదలైతే, అందులోనూ ఒకవైపే వస్తే, దాన్ని పాత కీమో ఖాతాలో వేయకూడదు. షుగర్, బీ12, థైరాయిడ్ చూసుకోవాలి, చంక, మెడ, వెన్నెముక దగ్గర జబ్బు తిరిగి వచ్చిందేమో పరీక్షించాలి.